భాగహారం తప్పు లేదు, జవాబు తప్పంట! 1250ని హెక్సాలోకి మార్చే లెక్క

కావలి_డిగ్రీ

మొన్న ఇంటర్నల్ పరీక్షలో 1250ని హెక్సాడెసిమల్‌లోకి మార్చమని ఇచ్చారు. నేను చేసింది ఇది:

```
1250 ÷ 16 = 78   శేషం 2
  78 ÷ 16 =  4   శేషం 14 = E
   4 ÷ 16 =  0   శేషం 4
```

శేషాలు వచ్చిన వరసలోనే 2E4 అని రాశాను. సార్ అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. కింది నుంచి పైకి చదవాలంట. ఎందుకు సార్ అంటే "అది రూలమ్మా, అంతే" అన్నారు. ఐదు మార్కులు పోయాయి. నా బాధ మార్కుల గురించి కాదు (సరే, కొంచెం మార్కుల గురించి కూడా). క్లాసులో బైనరీ లెక్క చేసిన రోజు కూడా నేను పై నుంచే చదివాను, జవాబు సరిపోయింది. ఆ రోజు ఒప్పు అయింది ఈ రోజు తప్పు ఎట్లా అవుతుంది? బైనరీకి ఒక రూలు, హెక్సాకి ఒక రూలా?

బిట్రగుంట_లైను

4E2 కరెక్ట్. ఎప్పుడైనా కింది నుంచే. మేం చదువుకున్నప్పుడూ ఇదే, ఎందుకో మాకూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒంగోలు_గిత్త

అసలు ఈ భాగహారం గోలే వద్దు. పోటీ పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లెవరూ ఇది చేయరు. 1250లో 1024 ఉందా? ఉంది, తీసెయ్. 226 మిగిలింది. 128 తీసెయ్, 98. 64 తీసెయ్, 34. 32 తీసెయ్, 2. ఆ 2 కూడా తీసెయ్. ఏవి తీశావో అక్కడ 1, తీయని చోట 0. అంతే: 10011100010. పై నుంచి కిందకా, కింది నుంచి పైకా అనే టెన్షనే లేదు.

కావలి_డిగ్రీ

అన్నా, ప్రశ్నలో "భాగహార పద్ధతిలో" అని స్పష్టంగా రాసి ఉంది. పైగా నన్నడిగింది హెక్సా.

రొయ్యల_రాజా

పదహారుతో లెక్క అంటే మన పాత రూపాయే కదా! రూపాయికి పదహారు అణాలు. పదహారణాల తెలుగమ్మాయికి పదహారు లెక్కలో సున్నా వేయడం అన్యాయం 😀

పెన్నా_గట్టు

రాజా, అణా దాకా నీ పోలిక నడుస్తుంది. అణాకి మళ్లీ 12 దమ్మిడీలు. ఒక మెట్టు 16, ఒక మెట్టు 12. హెక్సాలో అన్ని మెట్లూ 16 ఉండాలి.

కావలి అమ్మాయ్, నీ భాగహారంలో ఒక్క అంకె తప్పు లేదు. చదివిన వరసే తప్పు. ఆఫీసులో ఉన్నాను, రాత్రికి వివరంగా రాస్తాను. ఈలోపు ఒక పని చేయి. నీ 2E4ని వెనక్కి డెసిమల్‌లోకి తీసుకురా. 2ని 16తో గుణించి 14 కలిపితే 46. 46ని 16తో గుణించి 4 కలిపితే 740. నువ్వు బయలుదేరింది 1250 నుంచి. ఇప్పుడు 4E2తో చేయి: 4 × 16 + 14 = 78. 78 × 16 + 2 = 1250. మధ్యలో వచ్చిన ఆ 78ని ఇంతకుముందు ఎక్కడో చూశావు కదూ?

కావలి_డిగ్రీ

నా భాగహారంలో మొదటి లైనులో భాగఫలం! అంటే వెళ్లిన దారినే వెనక్కి వస్తున్నామా?

పెన్నా_గట్టు

అదే. చివరి మెట్టు నుంచి వెనక్కి ఎక్కుతున్నావు, అందుకే చివరి శేషం ముందు వస్తుంది.

కందుకూరు_తాత

నాకు కంప్యూటరు తెలియదు. మనవడు ఈ ఫోరం పెట్టి ఇచ్చాడు, చదువుతుంటాను. కానీ ఈ లెక్క మాత్రం నాకు బాగా తెలుసు, ముప్పై ఏళ్లు బియ్యం కొట్లో కూర్చున్నాను.

పాత కొలతలు చూడండి. రెండు గిద్దలైతే అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. ప్రతి మెట్టూ రెండే. మీరు బైనరీ అంటున్నది మా నాయన కొట్లో చెక్కపెట్టె మీద వరసగా బోర్లించి ఉండేది.

ఇప్పుడు నా దగ్గర 45 గిద్దల బియ్యం ఉన్నాయనుకోండి. పెద్ద కొలతలతో ఎట్లా కొలవాలి? గిద్దలను జతలు కడతాను. 22 అరసోలలు, ఒక గిద్ద మిగిలింది. 22 అరసోలలు జతలు కడితే 11 సోలలు, మిగులు లేదు. 11 సోలలకి 5 తవ్వలు, ఒక సోల మిగులు. 5 తవ్వలకి 2 మానికలు, ఒక తవ్వ మిగులు. 2 మానికలకి ఒక అడ్డ, మిగులు లేదు. ఆ ఒక్క అడ్డకి కుంచం కాదు, కాబట్టి అడ్డే మిగులు.

ముందు మిగిలింది ఏది? గిద్ద, అన్నిటికన్నా చిన్నది. చివర మిగిలింది అడ్డ, అన్నిటికన్నా పెద్దది. ఎవరైనా అడిగితే "అడ్డ, తవ్వ, సోల, గిద్ద" అని పెద్దది ముందు చెబుతాం గానీ "గిద్ద, సోల, తవ్వ, అడ్డ" అని చెబుతామా? ఇందులో రూలు ఏముందమ్మా, వాడుకే అది.

బిట్రగుంట_లైను

తాతా 🙏 ఇరవై ఏళ్ల సందేహం తీర్చావు.

చీమకుర్తి_రాయి

తాత చెప్పింది అద్భుతం. కానీ ఒక్క చిక్కు ఉంది, నవ్వుకోకండి. 45ని బైనరీలో రాస్తే 101101. తిరగేసి చదవండి. 101101. ఎటు నుంచి చదివినా ఒకటే! తాత ఎంచుకున్న లెక్కలో కావలి అమ్మాయి తప్పు కూడా ఒప్పే అవుతుంది.

కందుకూరు_తాత

ఓర్నీ. నిజమే. అయితే 50 గిద్దలు తీసుకోండి. 25 అరసోలలు, గిద్ద మిగల్లేదు. 12 సోలలు, ఒక అరసోల మిగులు. 6 తవ్వలు, మిగులు లేదు. 3 మానికలు, మిగులు లేదు. ఒక అడ్డ, ఒక మానిక మిగులు. చివరికి ఆ అడ్డ. అంటే అడ్డ, మానిక, అరసోల. 32, 16, 2. మొత్తం 50. రాస్తే 110010. దీన్ని తిరగేస్తే 010011, అంటే మానిక, అరసోల, గిద్ద: 19 గిద్దలే. నా కొట్లో ఎవడైనా ఇట్లా కొలిస్తే నేను దివాలా.

కావలి_డిగ్రీ

ఒక్క నిమిషం. ఒక్క నిమిషం. క్లాసు నోట్సు తీసి చూశాను. ఆ రోజు సార్ బోర్డు మీద చేసిన లెక్క 27. శేషాలు 1, 1, 0, 1, 1. అది కూడా ఎటు నుంచి చదివినా 11011!!! ఇంటికి ఇచ్చింది 9, అది 1001. అదీ అంతే!

రొయ్యల_రాజా

"వికటకవి" లెక్కలు 😂

పెన్నా_గట్టు

దొరికింది దొంగ. బైనరీకి ఒక రూలు, హెక్సాకి ఒక రూలు అని నీకు అనిపించడానికి కారణం ఇదే. 27, 9 రెండూ చిన్నవి, బోర్డు మీద త్వరగా అవుతాయి, అందుకే ఎంచుకుని ఉంటారు. పాపం ఆయనకీ తట్టి ఉండదు. 6తో చేసి ఉంటే అప్పుడే బయటపడేది: శేషాలు వచ్చిన వరస 0, 1, 1. అట్లాగే చదివితే 3 అవుతుంది, కింది నుంచి చదివితే 110, అంటే 6.

నెల్లూరు_మొలగొలుకులు

తాతా, మా వైపు "అడ్డ" అనే మాట నేను వినలేదే. మానికల తర్వాత నేరుగా కుంచమే, నాలుగు మానికలకి కుంచం. పైగా కొలతలు ఊరూరికీ మారతాయి. మాకు పుట్టి అంటే 850 కిలోల వడ్లు, వేరే జిల్లాలో పుట్టి అంటే వేరే.

కందుకూరు_తాత

మా వైపు అడ్డ ఉంది నాయనా. అడ్డ కొలత నా ఇంట్లో ఇప్పటికీ ఉంది, ఇత్తడిది.

నెల్లూరు_మొలగొలుకులు

ఉంటే ఉండనీ తాతా, కాదనను. మా అమ్మమ్మ మాత్రం అనలేదు. కందుకూరు 2022లో మా జిల్లాలోకి వచ్చినంత మాత్రాన మీ అడ్డ మాది కాదు 🙂

చీమకుర్తి_రాయి

చూడబోతే మీరిద్దరూ చెప్పేది ఒకటే. అడ్డ లేకపోతే మానికల దగ్గర రెండుతో రెండుసార్లు భాగించే బదులు నాలుగుతో ఒకసారి భాగిస్తారు, అంతే. మూడు మానికలు మిగిలితే తాత "అడ్డా మానికా" అంటాడు, మీరు "మూడు మానికలు" అంటారు. బియ్యం ఒకటే.

పెన్నా_గట్టు

రాయి, నేను రాత్రికి రాద్దామనుకున్న మాట నువ్వే అనేశావు. హెక్సాకీ బైనరీకీ ఉన్న బంధం సరిగ్గా ఇదే. 1250ని రెండుతో భాగించి చూపిస్తాను:

```
1250 → 625  శేషం 0
 625 → 312  శేషం 1
 312 → 156  శేషం 0
 156 →  78  శేషం 0
  78 →  39  శేషం 0
  39 →  19  శేషం 1
  19 →   9  శేషం 1
   9 →   4  శేషం 1
   4 →   2  శేషం 0
   2 →   1  శేషం 0
   1 →   0  శేషం 1
```

నాలుగో లైను దగ్గర ఆగండి. అక్కడ 78 వచ్చింది. కావలి అమ్మాయి 16తో ఒక్కసారి భాగిస్తే వచ్చింది కూడా 78. మళ్లీ నాలుగు లైన్లు దిగితే 4. ఆమెకీ రెండో లైనులో 4. రెండుతో నాలుగుసార్లు భాగించడం, పదహారుతో ఒకసారి భాగించడం ఒకటే కాబట్టి ఆ నాలుగు చిన్న శేషాలు కలిసి ఒక పెద్ద శేషం అవుతాయి. మొదటి నాలుగు కింది నుంచి చదివితే 0010, అంటే 2. తర్వాతి నాలుగు 1110, అంటే 14, E. మిగిలినవి మూడే: 100, అంటే 4. మొత్తం 4E2.

అందుకే నేనైతే పెద్ద సంఖ్యని బైనరీలోకి మార్చాల్సి వస్తే 16తోనే భాగిస్తాను. పదకొండు లైన్ల బదులు మూడు లైన్లు. తర్వాత ఒక్కో హెక్సా అంకెని నాలుగు బిట్లుగా విడదీస్తాను. లైన్లు తగ్గితే తప్పులూ తగ్గుతాయి.

ఒక జాగ్రత్త. బైనరీ నుంచి హెక్సాకి వచ్చేటప్పుడు నాలుగేసి గుంపులు కుడి నుంచి కట్టాలి. 10011100010లో అంకెలు పదకొండు. ఎడమ నుంచి కడితే 1001, 1100, 010 అని విరిగి 9C2 వస్తుంది, అంటే 2498. కుడి చివర ఉన్నది గిద్దల చోటు, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

ఫ్లెక్సీ_శీను

మీరందరూ ఏం మాట్లాడుతున్నారో సగం అర్థం కాలేదు గానీ నాకూ ఇదే దెబ్బ తగిలింది. నాది ఫ్లెక్సీల షాపు. ఒక పెళ్లి బ్యానర్‌కి కస్టమర్ నారింజ రంగు అడిగాడు, పాత ఫైలులో 255, 127, 0 అని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ కొట్టాలి. 255 అంటే FF అని తెలుసు. 127ని 16తో భాగించాను, 7 వచ్చింది, 15 మిగిలింది. 15 అంటే F. మిగిలింది ముందు రాసి F7 అని కొట్టాను. ముందు FFF70 లాగా ఐదు అంకెలే కొడితే తీసుకోలేదు, తర్వాత FFF700 కొట్టాను, తీసుకుంది. ప్రింట్ తీస్తే పచ్చటి పసుపు! పెళ్లికొడుకు వాళ్ల నాన్న షాపుకొచ్చి "నిమ్మకాయ రంగు ఎవడడిగాడయ్యా" అని. మళ్లీ నా ఖర్చుతో వేసిచ్చాను.

పెన్నా_గట్టు

శీనూ, F7 అంటే 15 × 16 + 7 = 247. 127 కావాల్సిన పచ్చదనం 247 అయింది, అందుకే నారింజ కాస్తా నిమ్మకాయ అయింది. కావాల్సింది FF7F00. ఐదు అంకెలు తీసుకోలేదంటే చివరి 0ని 00 అని రెండు అంకెల్లో రాయాలి. రంగుల కోడ్‌లో ఒక్కో రంగుకి రెండు గడులు, ఖాళీ ఉంటే ముందు సున్నా పెట్టాలి. 10 అయితే A కాదు, 0A.

ఫ్లెక్సీ_శీను

ఈ మాట ఆరు నెలల ముందు చెప్పుంటే బాగుండేది అన్నా.

సూళ్లూరుపేట_షార్ట్‌కట్

పెన్నా అన్న చెప్పింది పూర్తిగా నిజం కాదు. భాగహారం డెసిమల్ నుంచి బయటికి పోవడానికి మాత్రమే. తిరిగి డెసిమల్‌లోకి రావాలంటే గుణకారం తప్ప వేరే దారి లేదు. పుస్తకాల్లో రెండు పద్ధతులు వేరువేరుగా ఇచ్చేది అందుకే.

పెన్నా_గట్టు

సగం ఒప్పుకుంటాను. చేత్తో చేసేవాళ్లకి గుణకారమే సులువు. కానీ వేరే దారి లేదన్నది తప్పు. 4E2ని పదితో, అంటే హెక్సాలో Aతో భాగించుకుంటూ పోతే డెసిమల్ అంకెలే వస్తాయి:

```
4E2 ÷ A = 7D   శేషం 0
 7D ÷ A =  C   శేషం 5
  C ÷ A =  1   శేషం 2
  1 ÷ A =  0   శేషం 1
```

కింది నుంచి చదువు: 1250. కాకపోతే ఈ భాగహారం హెక్సాలో చేయాలి, మనకి హెక్సా ఎక్కాలు రావు. మనకి వచ్చింది డెసిమల్ లెక్క కాబట్టి డెసిమల్ నుంచి బయలుదేరితే భాగహారం, డెసిమల్‌కి చేరాలంటే గుణకారం సుఖంగా ఉంటాయి. కంప్యూటర్‌కి ఉల్టా. దాని లోపల ఉన్నదంతా బైనరీ, తెరమీద 1250 అని చూపించాలంటే అది పదితో భాగించి శేషాలు తీసుకోవచ్చు. నేను మీటర్ల డిస్‌ప్లేలకి ప్రోగ్రాం రాస్తాను, ఇదే రోజూ చేసే పని. అక్కడా మొదట చేతికొచ్చేది ఒకట్ల అంకె, దాన్ని కుడి చివర గడిలో పెట్టాలి. కొత్తలో నేనూ ఎడమ గడి నుంచి పెట్టి 1250కి బదులు 0521 చూపించాను.

సూళ్లూరుపేట_షార్ట్‌కట్

ఊఁ. పరీక్షలో మాత్రం నేను గుణకారమే రాస్తా.

చీమకుర్తి_రాయి

నాదొక డౌటు. కాలిక్యులేటర్‌లో 1250 ÷ 16 కొడితే 78.125 వస్తుంది. మా తమ్ముడు శేషం 125 అని రాసుకొచ్చాడు. 16తో భాగిస్తే శేషం 125 ఎట్లా ఉంటుందిరా అన్నాను గానీ, సరైన శేషం ఎట్లా తీయాలో నేనూ చెప్పలేకపోయాను.

కావలి_డిగ్రీ

ఇది నాకు తెలుసు! చుక్క తర్వాత ఉన్నదాన్ని మళ్లీ 16తో గుణించాలి. 0.125 × 16 = 2. తర్వాత మెట్టుకి 78 మాత్రమే తీసుకోవాలి, 78.125 కాదు. 78 ÷ 16 = 4.875, 0.875 × 16 = 14. శేషం ఎప్పుడూ 0 నుంచి 15 లోపే ఉండాలి, దాటితే ఎక్కడో తప్పు చేసినట్టే.

నా పక్కన కూర్చునే అమ్మాయి ఇంకో తప్పు చేసింది. 4 దగ్గరికి వచ్చాక "4ని 16తో భాగించలేం కదా" అని ఆపేసి E2 అని రాసింది. అంటే 226.

కందుకూరు_తాత

అడ్డని లెక్కలో వేయడం మరిచిపోయింది.

బిట్రగుంట_లైను

మా బ్యాచ్‌లో ఒకడు 14ని 14 లాగే ఉంచి 4142 అని రాశాడు. అది నాలుగంకెల హెక్సా అవుతుంది, విలువ పదహారు వేలు దాటుతుంది.

ఒంగోలు_గిత్త

ఇన్ని తప్పులకి అవకాశం ఉన్న పద్ధతి ఎందుకు అనే నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

పెన్నా_గట్టు

చెబుతాను గిత్తా. బైనరీకి, సంఖ్య చిన్నదైతే నీ తీసివేత బాగానే ఉంటుంది. హెక్సాకి అదే చేయాలంటే 256, 4096, 65536లు గుర్తుండాలి, పైగా ప్రతిచోటా ఎన్నిసార్లు తీయాలో చూడాలి. భాగహారంలో గుర్తుపెట్టుకోవాల్సింది 16 ఒక్కటే. కానీ నీ పద్ధతి జవాబు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. 1250లో 256లు ఎన్ని? నాలుగు, 1024. ఐదైతే 1280, దాటిపోతుంది. కాబట్టి మూడంకెల జవాబులో మొదటిది 4 అయి తీరాలి. 2E4 అక్కడే దొరికిపోతుంది.

ఒంగోలు_గిత్త

అంటే నా పద్ధతే గొప్పదని ఒప్పుకున్నావు.

పెన్నా_గట్టు

😀

సూళ్లూరుపేట_షార్ట్‌కట్

సరి, బేసి చూసినా దొరుకుతుంది కదా? అసలు సంఖ్య సరిసంఖ్య అయితే జవాబు చివరి అంకె కూడా సరి ఉండాలి.

చీమకుర్తి_రాయి

ఇక్కడ దొరకదు. 4E2 చివర 2, 2E4 చివర 4. రెండూ సరే. ఆ పరీక్ష ఫెయిలైతే తప్పని చెప్పొచ్చు, పాసైతే ఒప్పని చెప్పలేం.

కావలి_డిగ్రీ

ల్యాబ్‌లో ఇదే పైథాన్‌లో రాశాను, ఈసారి వరస సరిగ్గా పెట్టాను:

```
n = 1250
s = ""
while n != 0:
    s = "0123456789ABCDEF"[n % 16] + s
    n = n // 16
print(s)
```

4E2 వచ్చింది. `+ s` బదులు `s +` అని ముందు పెడితే నా పాత 2E4 వస్తుంది, అదీ చూసుకున్నాను. కానీ n = 0 ఇస్తే ఏమీ ప్రింట్ కాలేదు. n = -5 ఇస్తే ప్రోగ్రాం ఆగనే లేదు. ఎందుకు?

పెన్నా_గట్టు

సున్నాకి లూప్‌లోకే పోదు, దానికి విడిగా "0" ఇవ్వాలి. -5 సంగతి సరదాగా ఉంటుంది. పైథాన్‌లో `-5 % 16` అంటే 11, B. `-5 // 16` అంటే -1. ఆ -1ని మళ్లీ భాగిస్తే శేషం 15, భాగఫలం మళ్లీ -1. ఎన్నిసార్లు చేసినా F వస్తూనే ఉంటుంది, సున్నాకి చేరదు. ప్రతి మెట్టులో sని ప్రింట్ చేసి చూడు, B, FB, FFB అని పెరుగుతుంటుంది. ఎనిమిది అంకెల దగ్గర ఆపితే FFFFFFFB, 32 బిట్లలో -5ని దాచేది సరిగ్గా అట్లాగే. ఇది వేరే పెద్ద కథ.

సూళ్లూరుపేట_షార్ట్‌కట్

సీ భాషలో అట్లా రాదు. `-5 % 16` అంటే -5 ఇస్తుంది. అక్కడ ఈ కోడ్ ఉన్నదున్నట్టు రాస్తే చెత్త వస్తుంది.

పెన్నా_గట్టు

ఇది నిజం, ఒప్పుకుంటున్నాను.

కందుకూరు_తాత

బియ్యం మైనస్ ఐదు గిద్దలు అంటే ఏందబ్బయా, అప్పా?

నెల్లూరు_మొలగొలుకులు

అప్పే తాతా. మా ఊళ్లో అదీ ఆగదు.

కావలి_డిగ్రీ

ఈ రోజు సార్‌ని కలిశాను. 27 ఎటు చదివినా ఒకటేనని చూపిస్తే ఒక నిమిషం బోర్డు వైపు చూసి నవ్వారు. మార్కులు మాత్రం కలపలేదు. "జవాబు తప్పే కదమ్మా" అన్నారు. భాగహారమంతా ఒప్పయినప్పుడు సగం మార్కులైనా ఇవ్వాలి కదా?

బిట్రగుంట_లైను

ఇవ్వాలి. మూడు మార్కులు న్యాయం.

ఫ్లెక్సీ_శీను

నాకు బ్యానర్‌కి సగం డబ్బులు ఎవరిచ్చారు చెల్లెమ్మా?

చీమకుర్తి_రాయి

శీనూ 😂 కానీ పరీక్ష వేరు, బ్యానర్ వేరు. నేను లైనువారీగా మార్కులివ్వాలనే అంటాను.

కందుకూరు_తాత

అమ్మాయ్, రేపు ఆ అడ్డ ఫొటో తీయించి ఇక్కడ పెట్టిస్తాను. ఆ నెల్లూరు అబ్బయి కూడా చూస్తాడు.

నెల్లూరు_మొలగొలుకులు

పెట్టు తాతా. పక్కన మానిక కూడా పెట్టు, రెండు మానికలు పడతాయో లేదో చూద్దాం.